బడి ఆవరణతో పట పఠనం: ఆరో తరగతికి స్కేలు నేర్పే పద్ధతి

ఆరో తరగతి పిల్లలకు అట్లాసు ఇచ్చి రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతో చెప్పమంటే చెబుతారు. స్కేలు బద్ద పెట్టి కొలుస్తారు, పటం మూలన రాసిన సంఖ్యతో గుణిస్తారు, కిలోమీటర్లు రాస్తారు. కానీ ఆ జవాబు నిజమో కాదో తేల్చుకునే దారి వాళ్లకు లేదు. బడి ఆవరణ పటం అయితే ఆ దారి ఉంది. కాగితం మీద కొలిచిన దూరాన్ని రెండు నిమిషాల్లో బయటికి వెళ్లి టేపుతో సరిచూసుకోవచ్చు. ఈ పాఠాన్ని ఆ పరీక్ష చుట్టూనే అల్లుకోవాలి. పటం గీయడంతో పాఠం అయిపోయిందనుకుంటే సగం మాత్రమే చెప్పినట్టు.

నాలుగు పీరియడ్లు చాలు. అందులో రెండు బయట, రెండు తరగతిలో. కొలతల రోజుకు వరసగా రెండు పీరియడ్లు దొరికేలా టైంటేబుల్ సర్దుకుంటే మంచిది. తాళ్లు, టేపులు తీసి మళ్లీ చుట్టేసరికే నలభై ఐదు నిమిషాలు గడిచిపోతాయి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పీఈటీ సారు దగ్గర లాంగ్ జంప్ కొలవడానికి 30 మీటర్ల టేపు ఉంటుంది, అది అడిగి తీసుకోండి. టేపు ఒకటే ఉంటే మిగతా జట్లకు 10 మీటర్ల తాళ్లు తయారు చేయాలి. ప్రతి మీటరుకు ఒక ముడి కాకుండా రంగు గుడ్డ పీలిక కట్టండి, ఎందుకంటే ముడి వేసిన ప్రతిసారీ తాడు కొంత పొట్టిదవుతుంది. నైలాన్ తాడు లాగితే సాగుతుంది కాబట్టి నూలు తాడు నయం. ఏ తాడైనా ఉపయోగించే రోజు పొద్దున ఒకసారి టేపు పక్కన పరిచి చూసుకోవాలి. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దేశ సర్వేకు మొదటి ఆధార రేఖ కొలిచిన లాంబ్టన్ కూడా ఇదే బాధ పడ్డాడు. ఉక్కు గొలుసు ఎండకు సాగుతుందని ఉష్ణమాపకాలు దగ్గర పెట్టుకుని లెక్క సరిచేసుకుంటూ కొలిచాడు. ఈ సంగతి పిల్లలకు చెబితే తాడు సాగిందని జట్లు పోట్లాడుకోవడం తగ్గుతుంది. తాళ్లు కాక మూడు నాలుగు వెదురు కర్రలు, ఏ4 తెల్ల కాగితాలు, పెన్సిల్, కంపాస్ పెట్టె, కాస్త సున్నం పొడి ఉంటే చాలు.

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే నడిపిస్తాను. ఇది మండల కేంద్రంలో ఉండే ఒక ఉన్నత పాఠశాల అనుకోండి. మీ బడి కొలతలు వేరుగా ఉంటాయి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే.

మొదటి పీరియడ్: కొలతలు లేని బొమ్మ

ముందు ఏమీ చెప్పకుండా, కిటికీలోంచి కూడా చూడనివ్వకుండా, బడి ఆవరణ బొమ్మ గీయమనండి. పదిహేను నిమిషాలు ఇవ్వండి. తర్వాత ఆ బొమ్మలన్నీ బల్ల మీద పరిచి చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, చాలామంది భవనాన్ని ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తారు: తలుపులు, కిటికీలు, పైన ఎగిరే జెండా. ఆటస్థలాన్ని మాత్రం పైనుంచి చూసినట్టు గీస్తారు. ఒకే కాగితం మీద రెండు చూపులు కలిసిపోతాయి. రెండోది, ఇష్టమైనవి పెద్దవవుతాయి. ఆటస్థలం కాగితాన్ని సగం మింగేస్తుంది, మరుగుదొడ్లు అగ్గిపెట్టెంత అవుతాయి, హెడ్మాస్టరు గది ఒక్కోసారి కనబడనే కనబడదు.

ఈ బొమ్మలను తప్పని కొట్టేయకండి. పేరు రాయించి దాచండి, నాలుగో పీరియడ్‌లో అవసరమవుతాయి.

పైచూపు అర్థం కావడానికి బల్ల మీద ఒక డస్టరు, ఒక నీళ్ల సీసా, ఒక పుస్తకం పెట్టి పిల్లల్ని దగ్గరికి పిలిచి నిటారుగా పైనుంచి చూడమనండి. సీసా గుండ్రంగా కనిపిస్తుంది. దాన్ని గుండ్రంగానే గీయాలి. పొడుగ్గా గీసిన వాళ్లను మళ్లీ లేచి వచ్చి చూడమనండి. మాటల్లో ఎంత చెప్పినా దిగని విషయం ఇది, కంటితో చూస్తే ఐదు నిమిషాల్లో దిగుతుంది. మిద్దె ఎక్కే వీలుంటే, పిట్టగోడ గట్టిగా ఉంటే, జట్లుగా పైకి తీసుకెళ్లి జెండా దిమ్మెను చూపించండి. లేకపోతే సీసా చాలు.

దిక్కులు: పొద్దున సూర్యుణ్ని నమ్మితే ఎంత తేడా

"సూర్యుడు ఉదయించే వైపు తూర్పు" అని అందరూ చదువుకున్నారు. బళ్లు తెరిచేది జూన్‌లో. ఆ రోజుల్లో మన తెలుగు నేల మీద సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, దాదాపు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. డిసెంబరులో అంతే దక్షిణానికి జరుగుతాడు. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. అందుకని జూన్‌లో ఉదయపు సూర్యుణ్ని చూసి బాణం గుర్తు గీస్తే పటం మొత్తం 24 డిగ్రీలు తిరిగిపోతుంది. జెండా దిమ్మె నుంచి తూర్పుగా ఉన్నది ఆగ్నేయంలో ఉన్నట్టు చదువుకోవలసి వస్తుంది.

దీనికి నీడ పద్ధతి ఉత్తమం. ఎండపడే చదునైన చోట మీటరు పొడవు కర్రను నిటారుగా పాతండి. ఉదయం పది ప్రాంతంలో నీడ కొన దగ్గర ఒక రాయి పెట్టండి. కర్ర మొదలుకు తాడు కట్టి, ఆ నీడ పొడవే వ్యాసార్థంగా సున్నంతో నేల మీద వృత్తం గీయండి. మధ్యాహ్నం నీడ పొట్టిదై వృత్తం లోపలికి పోయి, రెండు గంటలు దాటాక మళ్లీ పెరిగి వృత్తాన్ని తాకుతుంది. తాకిన చోట రెండో రాయి పెట్టండి. ఈ రెండు రాళ్లను కలిపే గీత తూర్పు పడమరల గీత. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు, ఎందుకంటే పొద్దున సూర్యుడు తూర్పున ఉంటే నీడ పడమరకే పడుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. మే మొదటి పక్షం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా, హైదరాబాద్ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. "మధ్యాహ్నం నీడ ఉత్తరాన్ని చూపిస్తుంది" అని మామూలుగా చెప్పే సూత్రం ఆ రెండు మూడు నెలలు తలకిందులవుతుంది. రెండు రాళ్ల పద్ధతికి ఈ చిక్కు లేదు.

ఎండ లేకపోతే దిక్సూచి వాడుకోండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి తేడా డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే, ఈ పాఠానికి అది లెక్కలోకి రాదు. కానీ ఇనుప గేటు పక్కనో, బెంచీల మధ్యనో, కారు దగ్గరో పెడితే ముల్లు పక్కకు లాగుతుంది. ఫోన్‌లో దిక్సూచి కూడా అంతే. ఖాళీ మైదానం మధ్యలో మూడు చోట్ల చూసి మూడూ ఒకేలా ఉంటేనే నమ్మండి.

దిక్కుల పేర్ల విషయంలో మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు అని ఇంట్లో వాస్తు మాటలు విని విని మూలల పేర్లు వాళ్లకు ముందే తెలుసు. అయితే అక్కడే ఒక అపోహ కూడా అంటుకుని ఉంటుంది. ఈశాన్యం అంటే స్థలంలో ఒక మూల అనుకుంటారు తప్ప, ఒక చోటి నుంచి చూసే వైపు అనుకోరు. మన ఉదాహరణ బడిలో వంటషెడ్డు నైరుతి మూలలో ఉంది (వాస్తు ప్రకారం కట్టలేదు మరి). జెండా దిమ్మె దగ్గర నిలబడితే అది నైరుతిలోనే ఉంటుంది. గేటు దగ్గర నిలబడితే పడమరలో ఉంటుంది. ప్రధాన భవనం పడమటి చివరన నిలబడితే దక్షిణంలో ఉంటుంది. ఒకే షెడ్డు, మూడు జవాబులు. ముగ్గురు పిల్లలను మూడు చోట్ల నిలబెట్టి చేతులు చాపించండి, మిగతా తరగతి చూస్తుంది.

రెండో, మూడో పీరియడ్లు: కొలతలు

ముందు అడుగులతో కొలిపించండి. గోడ వెంట టేపుతో 20 మీటర్లు గుర్తుపెట్టి, మామూలుగా నడుస్తూ అడుగులు లెక్కపెట్టమనండి. ఒకరికి 40 అడుగులు పడితే ఆ పిల్ల అడుగు అరమీటరు. ఇంకొకరికి 34 పడతాయి, మరొకరికి 44. ఆ తర్వాత భవనం పొడవును ఎవరి అడుగులతో వాళ్లు కొలిచి మీటర్లలోకి మార్చాలి. మన భవనం 45 మీటర్లు. అరమీటరు అడుగు పిల్లకు 90 అడుగులు రావాలి. జవాబులు 42 నుంచి 48 మీటర్ల దాకా వస్తాయి. ఎవరూ తప్పు చేయకుండానే ఇంత తేడా ఎందుకొచ్చిందో వాళ్లతోనే చెప్పించండి: అడుగు అలవాటు తప్పుతుంది, చూస్తున్నారని పెద్దగా వేస్తారు, మధ్యలో లెక్క తప్పుతారు. ఇప్పుడు టేపు ఎందుకో మీరు చెప్పనక్కర్లేదు.

టేపుతో కొలిచేటప్పుడు ముగ్గురు కావాలి. ఇద్దరు చివరలు పడతారు, మూడోవారు రాస్తారు. దూరం టేపు కంటే ఎక్కువైతే మధ్యలో వెదురు కర్ర నిలబెట్టి, ఒక చివర నుంచి ఒంటి కన్నుతో చూస్తూ కర్రలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో సరిచూడాలి. వరస తప్పితే కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. నేల వాలుగా ఉంటే టేపును నేల మీద పరచకుండా మట్టంగా పట్టుకోవాలి. పటం మీద వాలు కనిపించదు, మట్టం దూరమే ఉంటుంది.

మన బడి ప్రహరీ తూర్పు పడమరలుగా 80 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 60 మీటర్లు. గోడలు దాదాపు దిక్కులకు సరిగ్గా ఉన్నాయి. ఎదురెదురు గోడలు సమానంగా ఉన్నంత మాత్రాన మూలలు లంబంగా ఉన్నట్టు కాదు, ప్రహరీ ఒక పక్కకు ఒరిగిన ఆకారంలోనూ ఉండవచ్చు. దానికి ఒక కర్ణం కొలవాలి. నైరుతి మూల నుంచి ఈశాన్య మూలకు అడ్డమేమీ లేదు, కొలిస్తే 100 మీటర్లు వచ్చింది. 60, 80, 100 కలిశాయంటే మూల లంబంగా ఉందని అర్థం. పిల్లలకు ఈ సూత్రం ఇంకా రాదు, మీరు తెలుసుకుంటే చాలు. మీ ప్రహరీ వంకరగా ఉంటే భయపడకండి. నాలుగు గోడలు, ఒక కర్ణం కొలిస్తే అది రెండు త్రిభుజాలవుతుంది. మూడు భుజాలు తెలిసిన త్రిభుజాన్ని కంపాస్‌తో గీయవచ్చు.

చెట్టు, బోరు లాంటి వాటిని పటంలో ఎక్కడ పెట్టాలన్నదే పిల్లలకు కష్టమైన చోటు. "గేటుకు దగ్గర్లో" అంటే సరిపోదు. రెండు గోడల నుంచి దూరం తెలిస్తే ఆ చోటు ఒక్కటే అవుతుంది. వేపచెట్టు తూర్పు గోడకు 20 మీటర్లు, దక్షిణ గోడకు 20 మీటర్లు. కానీ గోడకు దూరం అంటే లంబ దూరం. టేపు కాస్త ఏటవాలుగా పట్టినా ఎక్కువ వస్తుంది. ఇక్కడ సర్వేయర్లు చేసే చిన్న ఉపాయం ఉంది. టేపు సున్నా కొనను చెట్టు మొదట్లో పట్టుకుని, రెండో కొన పట్టినవారు గోడ వెంట అటూ ఇటూ జరగాలి. టేపు మీద అతి తక్కువ సంఖ్య ఎక్కడ వస్తుందో అదే లంబ దూరం. ఈ ఒక్క పని పిల్లలందరూ చేసేలా చూడండి. కొలతల్లో వచ్చే పెద్ద తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

జట్లు తెచ్చిన కొలతలివి. జెండా దిమ్మె తూర్పు గోడకు 40 మీటర్లు, దక్షిణ గోడకు 35. బోరు తూర్పు గోడకు 10, ఉత్తర గోడకు 10. ప్రధాన భవనం 45 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, ఉత్తర గోడకు 4 మీటర్ల ఎడం, పడమటి గోడకు 10 మీటర్ల ఎడం. వంటషెడ్డు 6 మీటర్లు, 4 మీటర్లు, పడమటి గోడకు 4 మీటర్లు, దక్షిణ గోడకు 12 మీటర్లు ఎడం. గేటు తూర్పు గోడలో, ఆగ్నేయ మూలకు 20 మీటర్ల దూరంలో మొదలై 4 మీటర్ల వెడల్పు.

జెండా దిమ్మెకు, వేపచెట్టుకు మధ్య దూరం మాత్రం కొలవనివ్వకండి. ఎవరైనా కొలవబోయినా ఆపండి. ఎందుకో తర్వాత.

స్కేలు ఎంచుకోవడం

ఇక్కడ "1 సెంటీమీటరుకు 5 మీటర్లు" అని మీరే చెప్పేస్తే పాఠం పోయినట్టే. స్కేలు పైనుంచి వచ్చే నియమం కాదు, కాగితం పరిమాణాన్ని బట్టి మనం తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయం పిల్లలతో చేయించండి.

ఏ4 కాగితం అడ్డంగా పెడితే 29.7 సెంటీమీటర్లు. అంచులు, గుర్తుల పట్టికకు చోటు వదిలితే పటానికి 20 సెంటీమీటర్లు మిగులుతాయి. అందులో 80 మీటర్లు పట్టాలి. 80ని 20తో భాగిస్తే 4. అంటే 1 సెంటీమీటరుకు కనీసం 4 మీటర్లు పెట్టాలి, అంతకంటే తక్కువ పెడితే ప్రహరీ ఆ 20 సెంటీమీటర్లు దాటిపోతుంది. 1 సెంటీమీటరుకు 10 మీటర్లు పెడితే ఆవరణ 8 సెంటీమీటర్లలో సర్దుకుంటుంది గానీ వంటషెడ్డు వెడల్పు 4 మిల్లీమీటర్లే అవుతుంది. 4కూ 10కీ మధ్య 5 ఎంచుకుంటే ఇంకో లాభం కూడా ఉంది: 1 మిల్లీమీటరు అరమీటరవుతుంది, లెక్క నోటితోనే అయిపోతుంది. 5 మీటర్లంటే 500 సెంటీమీటర్లు కాబట్టి ఈ స్కేలును 1:500 అని కూడా రాస్తారు.

మీటర్లను పటం సెంటీమీటర్లుగా మార్చడానికి 5తో భాగించాలి. ప్రహరీ 16, 12 సెంటీమీటర్లు. భవనం 9 సెంటీమీటర్లు, 1.6 సెంటీమీటర్లు. వంటషెడ్డు 1.2, 0.8. ఈ మార్పులన్నీ ఒక పట్టికగా రాయించి, మీరు చూసి సంతకం పెట్టాకే పెన్సిల్ పట్టనివ్వండి. 8 మీటర్లకు 1.6 బదులు 16 సెంటీమీటర్లని రాసినవారు, 5తో భాగించకుండా గుణించినవారు ఈ పట్టికలోనే దొరికిపోతారు. గీశాక దొరికితే ఆ పీరియడ్ మొత్తం చెరపడానికే సరిపోతుంది.

గీసేటప్పుడు మూడు తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయి. కొందరు స్కేలు బద్ద అంచు నుంచి కొలుస్తారు, సున్నా గీత నుంచి కాదు. గీసిన ప్రతి గీతా రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే నేల మీద మీటరు పైనే. ఇంకొందరు పొడవును స్కేలుకు గీసి వెడల్పును చూపుకు నచ్చినట్టు లావు చేస్తారు, 1.6 సెంటీమీటర్ల భవనం సన్నగా బాగాలేదని. మూడోది, ప్రహరీని 1:500లో గీసి, లోపలివి చిన్నగా అనిపించి వేరే స్కేలులో గీయడం. ఒక పటానికి ఒకటే స్కేలు అన్న మాట అప్పుడే చెప్పాలి, ముందుగా చెబితే గాలికిపోతుంది.

స్కేలుకు లొంగనివి కూడా ఉన్నాయి. ప్రహరీ గోడ మందం తొమ్మిది అంగుళాలు, అంటే దాదాపు 23 సెంటీమీటర్లు. పటం మీద అర మిల్లీమీటరు కంటే తక్కువ, పెన్సిల్ గీతే అంత ఉంటుంది. బోరు పైపునైతే అసలు చూపలేం. అలాంటి వాటికి గుర్తు పెట్టాలి: బోరుకు నీలి చుక్క, చెట్టుకు ఆకుపచ్చ వృత్తం, జెండాకు చిన్న త్రిభుజం. గుర్తు సరైన చోట ఉంటుంది గానీ దాని పరిమాణానికి అర్థం లేదు. వేపచెట్టు గుర్తు బోరు గుర్తు కంటే పెద్దదైతే చెట్టు పెద్దదని కాదు. పటం పక్కన గుర్తుల పట్టిక, ఉత్తరం బాణం, తేదీ, స్కేలు ఉండాలి. స్కేలును మాటల్లో రాయడంతో పాటు గీత రూపంలోనూ గీయించండి: 5 సెంటీమీటర్ల గీత, సెంటీమీటరుకొక అడ్డగీత, కింద 0, 5, 10, 15, 20, 25 మీటర్లు.

నాలుగో పీరియడ్: పటాన్ని పరీక్షించడం

జెండా దిమ్మె నుంచి వేపచెట్టుకు పటం మీద స్కేలు బద్దతో కొలవమనండి. సరిగ్గా గీసినవారికి 5 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 25 మీటర్లు. ఈ దూరాన్ని నేల మీద ఎవరూ కొలవలేదు, గోడల నుంచి తీసుకున్న నాలుగు కొలతల్లోంచి పటమే దాన్ని చెబుతోంది. ప్రతి జట్టు తన జవాబును నల్లబల్ల మీద రాయాలి. రాశాకే టేపు తీసుకుని అందరూ బయటికి వెళ్లండి.

టేపు 24 నుంచి 26 మీటర్ల మధ్య చూపితే పటం బాగున్నట్టే. పటం మీద ఒక మిల్లీమీటరు అరమీటరు కాబట్టి, రెండు మిల్లీమీటర్ల పొరపాటుకు ఒక మీటరు వదిలేయాలి. అంతకు మించి తేడా వచ్చిన జట్టు పటంలో తప్పు ఎక్కడుందో వెతకాలి. ఆ వెతుకులాటకు ఒక క్రమం ఉంది. ముందు పట్టికలో భాగహారం చూడాలి, తర్వాత స్కేలు బద్ద సున్నా నుంచి కొలిచారో లేదో, చివరగా గోడకు లంబంగా కొలిచారో లేదో. ఏటవాలుగా కొలిచిన చెట్టు గోడకు ఉండాల్సిన దానికంటే దూరంగా పడుతుంది. ఆ వెదకడమే అసలు నేర్చుకోవడం, అందుకే తప్పు వచ్చిన జట్టుకు ఎక్కువ సమయం ఇవ్వండి.

ఇప్పుడు మొదటి పీరియడ్ బొమ్మలు తెచ్చి ఇవ్వండి. అదే జెండా నుంచి చెట్టు దూరం ఆ బొమ్మలో కొలిచి చెప్పమనండి. కొలవగలరు, మీటర్లలోకి మార్చలేరు. చిత్తు బొమ్మకూ పటానికీ తేడా ఏమిటో నిర్వచనం రాయించనక్కర్లేదు.

ఆ తర్వాత పటాన్ని గోడకు తగిలించి కాకుండా, నేల మీద పరిచి, ఉత్తరం బాణాన్ని నీడ రాళ్ల ప్రకారం అసలు ఉత్తరానికి తిప్పి చదివించండి. గోడ మీద పటం చూసి చూసి ఉత్తరమంటే పైకి, ఆకాశం వైపు అనుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పటం నేల మీదికి దిగగానే ఆ చిక్కు విడిపోతుంది. గేటు నుంచి జెండా దిమ్మె మీదుగా వంటషెడ్డుకు కాలిబాట ఉంటే దారం పరిచి కొలిపించండి. మన పటంలో దారం దాదాపు 15.5 సెంటీమీటర్లు, అంటే 77 మీటర్ల పైచిలుకు. గేటు నుంచి సూటిగా అయితే 14 సెంటీమీటర్లు, 70 మీటర్లు. అట్లాసులో రైలు దూరం, కాకి ఎగిరే దూరం ఎందుకు వేరో దీంతోనే చెప్పవచ్చు.

ఆవరణ నుంచి అట్లాసుకు

పటాన్ని ఒకసారి జిరాక్సులో 71 శాతానికి తగ్గించి తీయించండి. ఏ3ని ఏ4కు కుదించే మీట అదే. 16 సెంటీమీటర్ల ప్రహరీ దాదాపు 11.4 అవుతుంది. పక్కన "1 సెంటీమీటరు = 5 మీటర్లు" అన్న రాత మాత్రం అలాగే ఉంటుంది. దాని ప్రకారం లెక్కవేస్తే బడి 57 మీటర్లకు కుంచించుకుపోతుంది. గీత స్కేలు మాత్రం పటంతో పాటు తగ్గింది, దానితో కొలిస్తే మళ్లీ 80 మీటర్లే వస్తుంది. పుస్తకాల్లో, ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ మూలన గీత స్కేలు ఎందుకు ఉంటుందో ఈ ఒక్క కాగితం చెబుతుంది.

తర్వాత స్కేలును చిన్నది చేసుకుంటూ పోవాలి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా వేసే స్థలవర్ణన పటాలు 1:50,000 స్కేలులో ఉంటాయి. వాటిలో మన ఆవరణ 1.6 మిల్లీమీటర్లు. గోడ మీది భారతదేశ పటం 1 సెంటీమీటరుకు 100 కిలోమీటర్లు అయితే, అది ఒకటికి కోటి. ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కిలోమీటర్ల దేశం 32 సెంటీమీటర్లు అవుతుంది. ఆ పటం మీద అర మిల్లీమీటరు పెన్సిల్ చుక్క పెడితే అయిదు కిలోమీటర్ల మేర కప్పేస్తుంది, మీ బడి, మీ ఊరు, పక్క ఊరు అన్నీ దాని కిందే.

పెద్ద స్కేలు, చిన్న స్కేలు అన్న మాటల దగ్గర పిల్లలు తప్పకుండా తడబడతారు. కోటి పెద్ద సంఖ్య కాబట్టి దేశపటానిదే పెద్ద స్కేలు అంటారు. భిన్నం రూపంలో రాయించండి: 500లో ఒక వంతు, కోటిలో ఒక వంతు. ఒక దోసెను ఇద్దరు పంచుకుంటే పెద్ద ముక్క, పదిమంది పంచుకుంటే చిన్న ముక్క. 1:500 పెద్ద స్కేలు, అందులో తక్కువ చోటు ఎక్కువ వివరంతో ఉంటుంది.

మార్కుల కోసం ప్రశ్నపత్రం ఇవ్వాలనుకుంటే నిర్వచనాలు అడగకండి. ఈ పని ఇవ్వండి: బడికి అదనపు గది మంజూరైంది, 9 మీటర్లు, 6 మీటర్లు. దానికి సరిపడే కాగితం ముక్కను, 18 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లు, కత్తిరించి పటం మీద ఎక్కడ పెట్టాలో చూపి కారణం రాయాలి. ఒక్కో జట్టు ఒక్కో చోట పెడుతుంది. భవనానికి తూర్పున ఖాళీ చాలా ఉందని అక్కడ, ఉన్న గదుల పక్కనే ఆనుకునేలా మీటరు సందు వదిలి పెట్టిన జట్టు, ముక్క అంచు నుంచి బోరు చుక్కకు ఒక్క సెంటీమీటరే ఉందని కొలిచి చెప్పగలగాలి. అంటే 5 మీటర్లు. మోటారు పైకి లాగే లారీ వస్తే తిరగడానికి అది చాలుతుందా లేదా అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి. చాలదనుకుంటే ముక్కను జరపడానికి దక్షిణాన ఎంత ఖాళీ ఉందో కూడా ఆ పటంలోనే ఉంది.